ఫిబ్రవరిలో కుండీ స్ట్రాబెర్రీ: వాడిన ఆకులు, కుళ్లిన పండ్లు, ఆగని తీగలు

వరంగల్, కరీంనగర్ వైపు అక్టోబర్‌లో నాటిన స్ట్రాబెర్రీ డిసెంబర్, జనవరిలో బాగానే కాస్తుంది. ఫిబ్రవరిలో ఎండ ముదరగానే ఆకులు వాడడం, పండ్లు కుళ్లడం, తీగలు సాగడం ఒకేసారి మొదలవుతాయి. వీటిని విడివిడిగా చూస్తే దారి తప్పుతాం. చాలా ఇళ్లలో మొదటిదానికి చేసిన వైద్యమే రెండోదాన్ని తెచ్చిపెడుతుంది.

మధ్యాహ్నం మూడింటికి ఆకులు వేలాడుతున్నాయి

వెంటనే నీళ్లు పోయకండి. మర్నాడు పొద్దున ఆరింటికి మొక్కను చూడండి. ఆకులు నిటారుగా ఉంటే వేళ్లు బాగానే ఉన్నాయి, ఇబ్బంది ఎండదే. పొద్దున కూడా వాడే ఉంటే వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి పెట్టి చూడండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండి కూడా వాడిందంటే వేళ్లో, ఆకులు పుట్టే మొవ్వో కుళ్లుతున్నట్టు. అలాంటి మొక్కను పెకలించి మొవ్వును నిలువుగా కోస్తే లోపల గోధుమ రంగు కనిపిస్తుంది. అది ఇక బతకదు, ఆ మట్టిని మళ్లీ స్ట్రాబెర్రీకి వాడొద్దు.

హనుమకొండలో ఒక డాబా సంగతి చెప్తాను. ఎనిమిది అంగుళాల నల్ల ప్లాస్టిక్ కుండీలు పడమటి పిట్టగోడ పక్కన వరుసగా ఉన్నాయి. ఆకులు వాడుతున్నాయని ఆ ఇంటి ఆమె రోజూ సాయంత్రం పైపుతో మొక్కంతా తడిపేది. పొద్దున చూస్తే ఆకులు నిటారుగానే ఉన్నాయి. మట్టిలోనూ తడి చాలా ఉంది. మధ్యాహ్నం కుండీ పడమటి వైపు మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి. అంటే నీళ్లకు కొరత లేదు, వేళ్లు ఉడుకుతున్నాయి.

కుండీలను ఇంటి తూర్పు వైపుకు, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత గోడ నీడ పడేచోటికి మార్చాం. పొద్దుటి ఎండ మాత్రం తప్పకుండా తగలాలి, లేకపోతే పండుకు తీపి రాదు. జాగా మార్చే వీలు లేనివాళ్లు పడమటి వైపు 50 శాతం షేడ్ నెట్ కట్టి, కుండీ చుట్టూ గోనెసంచి చుట్టాలి. లేదా కుండీని ఇంకాస్త పెద్ద కుండీలో పెట్టాలి. మధ్యలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది. నీళ్లు పొద్దున్నే, మట్టికే, అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయాలి. సాయంత్రం పైనుంచి తడపడం పూర్తిగా మానాలి.

పండ్లు కుళ్లుతున్నాయి

పండు మీద బూడిద రంగు బూజు ఉంటే అది బోట్రైటిస్. పువ్వు దశలోనే దూరి, పండు పక్వానికి వచ్చాక బయటపడుతుంది. చల్లటి రాత్రుల్లో ఆకులు, పూలు తడిగా ఉంటే దానికి పండగే. ఆ డాబా మీద సాయంత్రపు పైపు దానికి కావలసిన తడి ఇచ్చింది. బూజు లేకుండా గుండ్రంగా, గుంట పడ్డ గోధుమ మచ్చలుంటే ఆంత్రాక్నోస్. ఇది నీటి చినుకులతో పండు నుంచి పండుకు చేరుతుంది. ఎండ తగిలే పైవైపు మాత్రమే తెల్లబడి మెత్తబడితే అది రోగం కాదు, ఎండదెబ్బ. నీడ ఇస్తే చాలు.

మొదటి రెండింటికీ చేయాల్సిన పని ఒకటే. చెడ్డ పండ్లు, ఎండిన ఆకులు రోజూ తీసి చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో వద్దు. మట్టి మీద ఎండు వరిగడ్డి పలచగా పరచండి, మొవ్వు మీద మాత్రం పడకూడదు. పండు కాడలను కుండీ అంచు మీదుగా బయటికి వదలండి. అంచుకు కాడ నలగకుండా గోనె పట్టీ కట్టండి. పది కుండీలకు, అదీ పచ్చిగా తినే పండుకు, మందు కొట్టడం నాకు ఇష్టం లేదు. ఇవి పాటిస్తే చాలావరకు దాని అవసరం పడదు.

తీగలు ఆగట్లేదు

వేడి, పెరిగే పగలు, యూరియా లాంటి నత్రజని ఎక్కువ కావడం తీగలను రెచ్చగొడతాయి. పూకాడకు మొగ్గల గుత్తి ఉంటుంది. తీగ సన్నగా, నున్నగా కుండీ దాటి సాగి, కొసన ముడుచుకున్న చిన్న ఆకు కనిపిస్తుంది. కాపు ఉన్నంతకాలం తీగలను కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. లాగితే మొవ్వు కదులుతుంది.

మార్చి చివర, పగలు 35 డిగ్రీలు దాటాక పూలు వచ్చినా పండ్లు చిన్నగా, వంకరగా మిగులుతాయి. అప్పుడు రోగం లేని మొక్క నుంచి రెండు, మూడు తీగలు ఉంచండి. పిల్లమొక్క వచ్చిన కణుపును చిన్న కప్పులోని తడి కోకోపీట్ మీద వంచిన ఇనుప తీగముక్కతో అదిమి పెడితే మూడు, నాలుగు వారాల్లో వేళ్లు పడతాయి. ఆ తర్వాతే తల్లి నుంచి కోయాలి. మే ఎండకు వీటిలోనూ చాలా పోతాయి. రోజంతా వెలుతురు నీడలో ఉంచినవే మిగలొచ్చు. అందుకే అక్టోబర్‌కు కొత్త మొక్కలు కొనే లెక్క కూడా ముందే వేసుకోండి.