కథలో కాలం జారిపోతుంటే

కథ రాస్తుంటే మధ్యలో క్రియల కాలం మారిపోతుంది, మొన్న నా కథలోనే "తాత గేటు తీశాడు, అరుగు మీద కూర్చున్నాడు, చుట్ట వెలిగిస్తాడు, నావైపు చూస్తాడు" అని వచ్చేసింది, నాలుగుసార్లు చదివినా కనపడలా.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, ఒక్కో పేరాలో వాక్యం చివరి క్రియ, కామా ముందున్న క్రియ మాత్రమే పెన్సిల్‌తో గీత గీసి, కింది నుంచి పైకి అవే చదువుతున్నా. తీశాడు, కూర్చున్నాడు పక్కన వెలిగిస్తాడు రాగానే ఠక్కున తగులుతుంది, వెలిగించాడు అని మార్చేయడమే. "మాట్లాడడు" లాంటివి కూడా చూడండి, అక్కడ "మాట్లాడలేదు" కావాలి. పేజీకి ఐదు నిమిషాలు చాలు.

కానీ కొటేషన్లలో మాటల్ని కదపొద్దు. "వస్తుంటే", "చూస్తున్న" లాంటివాటినీ కదపొద్దు, వీటి కాలం చివరి క్రియే చెబుతుంది. "ఉంది" దగ్గర మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, "గదిలో మంచం ఉంది" అప్పటిదో ఇప్పటిదో వాక్యం మొత్తం చదివితేనే తెలుస్తుంది, పాతదైతే "ఉండేది" అని రాస్తున్నా.