మీటప్‌కి టాక్స్ పిలుస్తున్నారా? టాపిక్‌ని ప్రశ్నలా అడగండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చిన్న డెవలపర్ మీటప్‌కి టాక్స్ కావాలని పోస్ట్ రాసేటప్పుడు, టాపిక్స్ దగ్గర "పైథాన్, క్లౌడ్, డేటాబేస్‌లు, ఇంకేదైనా" అని వదిలేయకండి. అలా రాస్తే వచ్చేవన్నీ "డాకర్ పరిచయం" బాపతే, ఎందుకంటే రోజూ ఆఫీసులో చేసే పని కూడా టాక్ అవుతుందని చాలామందికి తట్టదు. దాని బదులు "జాంగోలో నెమ్మదిగా తెరుచుకునే పేజీని ఎలా పట్టుకున్నారు, తప్పు ఏ క్వెరీలో ఉంది, ఇండెక్స్ వేశాక ఏం మారింది?" అని అడిగి చూడండి, మొన్ననే దాంతో తల పట్టుకున్న మనిషి వెంటనే ఫారం తెరుస్తాడు. టాక్ 20 నిమిషాలు, ప్రశ్నలకు 5 అని కూడా అక్కడే చెప్పేయండి.

గడువు "నెలాఖరులోగా" కాదు, తేదీతో సహా "ఆదివారం రాత్రి 11:59" అని ఉండాలి. మీటప్‌కి కనీసం మూడు వారాల ముందు పెట్టండి: ఎంపికకి ఒక వారం, స్పీకర్ స్లైడ్‌లకి రెండు. ఎక్కువమంది ఆఖరి రోజే పంపుతారు కాబట్టి మధ్యలో ఫారం ఖాళీగా కనిపించినా టెన్షన్ పడి గడువు పొడిగించొద్దు.

ఎంపిక ఎలా చేస్తారో రెండు వాక్యాల్లో రాయండి. గూగుల్ ఫారం వాడితే, స్పందనల షీట్‌లో పేరు, ఈమెయిల్, కంపెనీ కాలమ్స్ దాచడం కాదు, అవి వదిలేసి మిగతావి మాత్రమే కొత్త స్ప్రెడ్‌షీట్ ఫైల్‌లోకి కాపీ చేసి, ఆ ఫైల్‌నే ఎంపిక చేసే ముగ్గురికి ఇవ్వండి. దాచిన కాలమ్‌ని ఎడిట్ హక్కు ఉన్నవాళ్లెవరైనా మళ్లీ తెరవొచ్చు. చిన్న మీటప్‌లో టాపిక్ చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది, అది తప్పదు, తమ టీమ్‌వాళ్లదైతే మార్కులు వేయకుండా వదిలేయమనండి. ఎంపిక కానివాళ్లకి కూడా ఫలానా తేదీకల్లా జవాబిస్తామని పోస్ట్‌లోనే రాయండి.