సీలింగ్ కూలాక ఓనర్‌కు రాసిన ఉత్తరం

లండన్‌లో మా అద్దె ఇంట్లో బెడ్‌రూమ్ సీలింగ్ ప్లాస్టర్ పెచ్చులుగా ఊడి మంచం మీద పడింది. లాప్‌టాప్ స్క్రీన్ పగిలింది, అమ్మ ఇచ్చిన పట్టుచీర సున్నపు నీళ్లలో తడిసిపోయింది. టెన్షన్‌లో "బిల్డింగ్ ఇన్సూరెన్స్ కాగితం పంపండి" అని ఓనర్‌కు రాశాను. "అది గోడలకే, మీ సామాన్లకు కాదు" అన్నారు. ఆ మాట నిజమే. అద్దెదారు వస్తువులకు కంటెంట్స్ పాలసీ వేరుగా ఉండాలి, నాకు లేదు.

అయితే ఓనర్ నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే ఆయన పాలసీలో ఇతరులకు జరిగిన నష్టాన్ని భరించే లయబిలిటీ భాగం పనికొస్తుంది. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ సెక్షన్ 11 ప్రకారం ఇంటి కట్టడం రిపేరు ఓనర్ బాధ్యత. ప్లాస్టర్ సీలింగ్ కూడా అందులోకే వస్తుంది. కాకపోతే లోపం గురించి ఆయనకు ముందే తెలిసి ఉండాలి. అదృష్టం, మూడు వారాల ముందే గోధుమరంగు మరక ఫొటో మెసేజ్ చేశాను.

రెండో ఉత్తరంలో ఆ మెసేజ్ తేదీ, ఫొటోలు, రసీదులు జతచేసి, "ప్రాపర్టీ ఓనర్స్ లయబిలిటీ ఉందా? కంపెనీ పేరు, పాలసీ నంబరు, గడువు తెలిపే షెడ్యూల్ 14 రోజుల్లో పంపండి" అని అడిగాను. షెడ్యూల్ వచ్చింది. వాడిన కాలానికి విలువ తగ్గించి లాప్‌టాప్‌కు డబ్బిచ్చారు. చీరకు రసీదు లేదు, ఏమీ రాలేదు.