వ్యూస్ వచ్చాయి, రీచ్ ఆగిపోయింది: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

సమస్య

యూట్యూబ్‌లో వీడియో పెట్టారు. మొదటి రెండు రోజులు వ్యూస్ గబగబా పెరిగాయి, మూడో రోజుకల్లా గ్రాఫ్ చతికిలబడింది. అదే ఛానల్‌లో అందులో పావు వంతు వ్యూస్ కూడా లేని పాత వీడియో మాత్రం ఇప్పటికీ రోజూ కొత్తవాళ్లకు చేరుతోంది. ఇలాంటప్పుడు చాలామంది ట్యాగులు మార్చడం మొదలుపెడతారు. ట్యాగుల పాత్ర చాలా స్వల్పమని యూట్యూబే చెబుతోంది కాబట్టి ఆ శ్రమ దండగ.

కారణం

వ్యూ అంటే ఎవరో నొక్కారని మాత్రమే అర్థం. నొక్కాక ఉన్నారా, వెనక్కి పోయారా అన్నది అందులో తెలియదు. యూట్యూబ్ కూడా ఒకప్పుడు వ్యూస్‌నే నమ్మింది. దాంతో ఊరించే థంబ్‌నెయిళ్లు పైకొచ్చాయి, చూసినవాళ్లు విసుక్కున్నారు. 2012లో సిఫారసులను వాచ్ టైమ్ వైపు మళ్లించింది. థంబ్‌నెయిల్ ఒకసారి కనిపించినందుకు ఎంతసేపు చూస్తారన్న అంచనాతో వీడియోలకు ర్యాంకు ఇచ్చే పద్ధతిని, 2016లో గూగుల్ ఇంజనీర్లు ఒక పరిశోధనా పత్రంలో వివరించారు.

దీన్ని లెక్కలో చూస్తే తేలిక. ఎనిమిది నిమిషాల వీడియోలు రెండు ఉన్నాయనుకుందాం. రెండింటి థంబ్‌నెయిళ్లూ చెరో వెయ్యి సార్లు కనిపించాయి. మొదటిదాన్ని 90 మంది నొక్కి, సగటున 70 సెకన్లు చూశారు. మొత్తం 105 నిమిషాలు. రెండోదాన్ని 40 మందే నొక్కారు, కానీ సగటున అయిదు నిమిషాలు కూర్చున్నారు. మొత్తం 200 నిమిషాలు. వ్యూస్‌లో సగం కూడా లేని వీడియో దాదాపు రెట్టింపు సమయం తెచ్చింది. తర్వాతి వెయ్యి మందికి దేన్ని చూపిస్తే లాభమో సిస్టమ్‌కు ఇక వేరే చెప్పాలా? అసలు లెక్కలో సర్వేలు, లైకులు, ‘ఆసక్తి లేదు’ నొక్కుళ్లు కూడా కలుస్తాయి. ఇది దాని ఎముకల గూడు మాత్రమే.

మీ వీడియోలో జరిగింది ఇదేనా?

యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిచి `Impressions click-through rate`, `Average view duration` పక్కపక్కన పెట్టండి. మీ ఛానల్‌లోనే, అంతే నిడివి ఉన్న వీడియోలతో పోల్చండి. నాలుగు నిమిషాల వీడియో శాతాన్ని నలభై నిమిషాల దానితో పోలిస్తే తప్పుదారి పడతారు, ఎందుకంటే నిడివి పెరిగేకొద్దీ చూసిన శాతం మామూలుగానే తగ్గుతుంది. నొక్కినవాళ్లు ఎక్కువ, చూసిన సమయం తక్కువ అయితే రోగం దొరికినట్టే.

ఒక్క మెలిక ఉంది. వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడండి. ఎవరో వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిప్పితే, ఆ విషయంతో సంబంధం లేనివాళ్లు వచ్చి పది సెకన్లలో పోతారు. అప్పుడు సగటు పడిపోయినా వీడియో చెడ్డదని కాదు.

పరిష్కారం

ఇప్పుడు రిటెన్షన్ గ్రాఫ్ చూడండి. మొదటి 30 సెకన్ల దగ్గర ఎంతమంది మిగిలారో అక్కడే కనిపిస్తుంది. మొదట్లో కొంత జారడం ప్రతి వీడియోలోనూ ఉంటుంది. నిలువుగా కూలిందంటే మాత్రం శీర్షికలో ఇచ్చిన మాట వీడియోలో వెంటనే కనిపించలేదని అర్థం. ఉదాహరణకు ‘ఫోన్ స్టోరేజ్ నిండిందా?’ అని శీర్షిక పెట్టి, నమస్కారం, ఛానల్ పరిచయం, సబ్‌స్క్రైబ్ వేడుకోలు అయ్యాక 52వ సెకనుకు గానీ సెట్టింగ్స్ తెరవలేదనుకోండి. చూసేవాడు ఫోన్ నిండి చిరాకులో ఉన్నాడు, మీ పరిచయం వినే ఓపిక అతనికెక్కడిది?

వీడియో తీసేసి మళ్లీ పెట్టకండి. వ్యూస్, కామెంట్లు, లింకు అన్నీ పోతాయి. స్టూడియో ఎడిటర్‌లో `Trim & cut` తో, పై ఉదాహరణలోనైతే 4 నుంచి 52 సెకన్ల వరకు కోసేయండి. లింకు, వ్యూస్ అలాగే ఉంటాయి. ప్రాసెసింగ్ అయ్యేదాకా పాత రూపమే కనిపిస్తుంది. లక్ష వ్యూస్ దాటిన వీడియోకు, ఛానల్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేకపోతే, ఈ మార్పు సేవ్ కాకపోవచ్చు. తర్వాత తేదీల పరిధిని కోత తర్వాతి రోజులకు మార్చి సగటు సమయం చూడండి. పాత రోజులు కలిపితే తేడా కనబడదు.

మధ్యలో గుంట పడితే అక్కడ జనం దాటేస్తున్నారు. గుట్ట లేస్తే వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారు, అంటే బాగా నచ్చి ఉండాలి, లేదా అర్థం కాకపోయి ఉండాలి. ఆ చోటును మీరే ప్లే చేసి తేల్చుకోవాలి.

వాచ్ టైమ్ కోసమని వీడియోను సాగదీయడం మాత్రం వద్దు. మూడు నిమిషాల విషయాన్ని పది చేస్తే, మూడో నిమిషం దాకా ఉండేవాళ్లు కూడా మొదటి నిమిషంలోనే పోతారు.

గ్రాఫ్ బాగానే ఉండి, థంబ్‌నెయిల్ కనిపించిన సంఖ్యే తక్కువగా ఉంటే ఇదంతా వర్తించదు. ఆ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లే తక్కువై ఉండవచ్చు. చూపించినా ఎవరూ నొక్కకపోతే మాత్రం థంబ్‌నెయిల్, శీర్షిక మార్చి చూడండి.