20 రావాల్సిన చోట 3, 12 రావాల్సిన చోట 24, 64 వస్తే: సూక్ష్మస్థితుల లెక్కలో సమస్యలు - పరిష్కారాలు

బోల్ట్జ్‌మన్ ఎంట్రోపీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను ఎప్పుడూ ఒకే లెక్క ఇస్తాను: నాలుగు కణాలు, మూడు శక్తి ముక్కలు. మొత్తం ఒక్క కాగితం మీద రాసి చూసుకోవచ్చు కాబట్టి ఇది నాకు ఇష్టం. పెద్ద లెక్కల్లో కనపడకుండా దాక్కునే తప్పు ఇక్కడ వెంటనే బయటపడుతుంది.

కణాల పేర్లు క, గ, చ, ట. స్ఫటికంలోని అణువుల్లా ఒక్కోటి తన చోట్లో కదలకుండా ఉంటుంది, కాబట్టి చోటును బట్టి ఏది ఏదో చెప్పగలం. వేరుగా గుర్తించగల కణాలు అంటే ఇవే. ఒక్కో కణానికి ఉండగల శక్తి 0, ε, 2ε, 3ε, ఇలా సమాన మెట్లుగా పెరుగుతుంది. నాలుగింటి శక్తీ కలిపితే 3ε, అంటే మూడు ముక్కలు.

సూక్ష్మస్థితి అంటే ఏ కణం దగ్గర ఎంత శక్తి ఉందో పూర్తిగా చెప్పే ఒక వరస. "క దగ్గర 2, గ దగ్గర 1, చ, ట ఖాళీ" అనేది ఒక సూక్ష్మస్థితి. ఇలాంటివి మొత్తం 20 ఉంటాయి. ఎంట్రోపీ S = k ln 20, అంటే 2.996 k. బోల్ట్జ్‌మన్ స్థిరాంకం k విలువ 1.380649 × 10⁻²³ J/K కాబట్టి S సుమారు 4.14 × 10⁻²³ J/K. మీకు ఇంకేదైనా వచ్చిందా? వచ్చిన అంకెను బట్టి తప్పు ఎక్కడ జరిగిందో దాదాపుగా చెప్పేయొచ్చు.

సమస్య: 20 బదులు 3 వచ్చింది

ఎక్కువమందికి వచ్చే అంకె ఇదే. మీరు శక్తిని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో లెక్కపెట్టారు: 3+0+0+0, 2+1+0+0, 1+1+1+0. విడగొట్టడం సరిగ్గానే చేశారు. కానీ ఈ మూడూ పంపకాలు మాత్రమే. ఏ కణానికి ఏ వాటా అందిందో ఇవి చెప్పవు. ఒక్కో పంపకం కింద చాలా సూక్ష్మస్థితులు ఉంటాయి.

కంప్యూటర్‌లో చేసేవాళ్లకి ఇదే తప్పు `combinations_with_replacement` వాడినప్పుడు వస్తుంది. ఆ ఫంక్షన్ వరసను పట్టించుకోదు, కాబట్టి కణాల పేర్లన్నీ చెరిపేసినట్టే అవుతుంది.

పరిష్కారం: ప్రతి పంపకం దగ్గరా ఆగి "ఇది ఎవరెవరికి?" అని అడగాలి. 3+0+0+0లో ఆ మూడూ నలుగురిలో ఎవరికైనా వెళ్లొచ్చు, కాబట్టి 4 మార్గాలు. 1+1+1+0లో ఖాళీగా మిగిలేది ఎవరో ఎంచుకుంటే చాలు, మళ్లీ 4. 2+1+0+0లో రెండు ముక్కలు ఎవరికో ఎంచుకోడానికి 4 మార్గాలు, ఒక ముక్క ఎవరికో మిగతా ముగ్గురిలోంచి ఎంచుకోడానికి 3 మార్గాలు, మొత్తం 12. కలిపితే 4 + 12 + 4 = 20.

సమస్య: 2+1+0+0కి 12 బదులు 24 వచ్చింది

నాలుగు కణాలు కాబట్టి 4! = 24 అని రాసేశారు. ఈ తప్పు వెనకాల ఒక ఆలోచన ఉంది, దాని దగ్గర కాస్త ఆగుదాం. "కణాలు వేరు వేరు కదా, మరి చ, ట తమ శక్తులు మార్చుకుంటే కొత్త స్థితి ఎందుకు కాదు?" అని అడుగుతారు. చాలా మంచి ప్రశ్న ఇది.

కాగితం మీద రాసి చూడండి. క = 2, గ = 1, చ = 0, ట = 0. ఇప్పుడు చ, ట తమ శక్తులు మార్చుకున్నాయి: చ = 0, ట = 0. ముందు రాసిన వరసా ఇదీ అక్షరం తేడా లేకుండా ఒకటే. కణాలు వేరే అయినా, స్థితిని వర్ణించేది ఎవరి దగ్గర ఎంత ఉంది అన్న విషయమే. అది మారలేదు కాబట్టి కొత్త సూక్ష్మస్థితి పుట్టలేదు. అదే క, గ మార్చుకుంటే క = 1, గ = 2 అవుతుంది; అది నిజంగా కొత్తది.

పరిష్కారం: ఒకే స్థాయిలో ఉన్న కణాల సంఖ్యకు ఫ్యాక్టోరియల్ కట్టి దాంతో భాగించాలి. సూత్రం ఇది:

W = N! / (n₀! n₁! n₂! n₃!)

W ఆ పంపకం కింద ఉన్న సూక్ష్మస్థితుల సంఖ్య, N మొత్తం కణాలు, n₀, n₁ లాంటివి 0, ε వంటి ఒక్కో స్థాయిలో ఉన్న కణాలు. ఇక్కడ n₀ = 2, n₁ = 1, n₂ = 1. కాబట్టి 24 / 2 = 12. ఖాళీ స్థాయికి 0! = 1 అని గుర్తుంచుకోండి. కోడ్‌లో `permutations` వాడినా 24 వస్తుంది, ఎందుకంటే అది విలువల్ని కాకుండా స్థానాల్ని చూసి వేరు చేస్తుంది. ఫలితాన్ని `set` లో వేస్తే 12 మిగులుతాయి.

సమస్య: ఎంట్రోపీ రుణాత్మకంగా వచ్చింది, −0.18 k

దీన్ని చూసి చాలామంది టెన్షన్ పడి లెక్క మొత్తం కొట్టేస్తారు. అంత అవసరం లేదు, 20 వరకూ మీరు సరిగ్గానే వచ్చారు. ఆ తర్వాత దాన్ని 4!తో భాగించారు: 20/24 = 0.833, దాని ln −0.18. సూక్ష్మస్థితుల సంఖ్య ఒకటి కంటే తక్కువ అవడానికి వీల్లేదు. వ్యవస్థ ఎప్పుడూ కనీసం ఏదో ఒక స్థితిలో ఉండాలి కదా. కాబట్టి లెక్కపెట్టి తెచ్చిన ఎంట్రోపీకి మైనస్ గుర్తు వచ్చిందంటే భాగహారంలో తప్పు జరిగిందన్నమాట.

ఈ N! వాయువుల పాఠం నుంచి వచ్చి చేరింది. ఒక పెట్టెలో తిరిగే ఒకేలాంటి వాయు అణువుల్ని గుర్తుపట్టలేం, అందుకని అక్కడ N!తో భాగిస్తారు. మన కణాలు చోటును బట్టి గుర్తుపట్టగలిగేవి. ఇక్కడ ఆ భాగహారానికి పని లేదు, తీసేయండి.

ఒకవేళ ఈ నాలుగింటినీ గుర్తించలేనివి అనుకున్నా, ఒక్కో స్థాయిలో ఎన్నైనా ఉండొచ్చు అంటే, జవాబు 3 అవుతుంది. 0.833 అప్పుడు కూడా రాదు. దాదాపు ప్రతి కణమూ వేరే స్థితిలో ఉండేంత విశాలంగా స్థితులు ఉన్నప్పుడే N!తో భాగించడం పనిచేస్తుంది. ఇంత చిన్న వ్యవస్థలో అది ఏ రకం కణాలకూ సరిపోదు.

సమస్య: ఒక్క పంపకానికే 64 వచ్చింది, మొత్తమేమో 20

భాగం మొత్తాన్ని మించిపోయింది. స్టర్లింగ్ సూత్రం వాడినప్పుడు ఇలా అవుతుంది. పుస్తకాల్లో ln N! ≈ N ln N − N అని రాసి దాంతో ముందుకెళ్తారు. 2+1+0+0కి దాన్ని వాడితే ln W ≈ 4 ln 4 − 2 ln 2 = 4.159, అంటే W ≈ 64. అసలు విలువ 12.

ఎందుకింత తేడా? ln 4! అసలు విలువ 3.178. స్టర్లింగ్ ఇచ్చేది 1.545, సగం కూడా లేదు. 1! దగ్గర ఇంకా ఘోరం: ln 1! సున్నా అయితే స్టర్లింగ్ −1 అంటుంది. N కోట్లలో ఉంటే ఈ తేడా లెక్కలోకి రాదు, నాలుగు దగ్గర మాత్రం లెక్కను పాడుచేస్తుంది. పరిష్కారం సులువు: చిన్న సంఖ్యలకి ఫ్యాక్టోరియల్ నేరుగా గుణించి తీసుకోండి.

పుస్తకాల నుంచే వచ్చే ఇంకో అలవాటు కూడా ఇక్కడ దెబ్బతీస్తుంది. అత్యధిక మార్గాలున్న పంపకాన్ని ఒక్కదాన్నే తీసుకుని S = k ln 12 = 2.485 k అని ముగించడం. కణాలు చాలా ఎక్కువగా ఉంటే ఆ పంపకమే దాదాపు అంతా ఆక్రమిస్తుంది కాబట్టి ఫర్వాలేదు. ఇక్కడ అసలు విలువ 2.996 k, అంటే ఆరో వంతు పోగొట్టుకున్నట్టు. మూడు పంపకాలూ కలపాల్సిందే.

సమస్య: 1.30 k వచ్చింది

పదో ఆధారంతో లాగరిథమ్ తీశారు. 2.303తో గుణిస్తే సరైన విలువ వస్తుంది. వియన్నాలో బోల్ట్జ్‌మన్ సమాధి మీద S = k log W అని చెక్కి ఉంటుంది, ఆ log అంటే సహజ లాగరిథమే. క్యాలిక్యులేటర్ మీద ln నొక్కండి. పైథాన్‌లో `log` సహజమైనదే.

20 సరైనదేనని ఎలా నమ్మాలి?

రెండు దారులున్నాయి. మొదటిది, మూడు చుక్కల్ని నాలుగు గదుల్లో పంచడానికి మధ్యలో మూడు గీతలు కావాలి. ఆరు స్థానాల్లో గీతలకి మూడు ఎంచుకోవాలి: 6! / (3! 3!) = 20. రెండోది, అన్ని వరసల్నీ కంప్యూటర్‌తో రాయించి శక్తి మొత్తం 3 అయినవి ఏరడం:

```python
from itertools import product
from math import log

rows = [r for r in product(range(4), repeat=4)
        if sum(r) == 3]
print(len(rows), log(len(rows)))
```

256 వరసల్లోంచి 20 మిగులుతాయి. మీకు 16 వస్తే `range(3)` అని రాసి ఉంటారు. అప్పుడు మూడో మెట్టు తెగిపోయి, శక్తంతా ఒకే కణం దగ్గరున్న నాలుగు స్థితులూ రాలిపోతాయి.

సమస్య: రెండు భాగాల ఎంట్రోపీలు కలిపితే మొత్తానికి సరిపోవట్లేదు

క, గ ఒక జట్టు. చ, ట ఇంకో జట్టు. మొదట మధ్యలో అడ్డు ఉంది, మూడు ముక్కలూ రెండో జట్టు దగ్గరే ఉన్నాయి. మొదటి జట్టుకి ఒకే స్థితి, రెండోదానికి నాలుగు. కొందరు వీటిని కలిపి 5 అంటారు; గుణించాలి, 1 × 4 = 4. మొదటి జట్టులోని ప్రతి స్థితికీ రెండో జట్టులోని నాలుగూ జతవుతాయి కాబట్టి. S కలుస్తుంది, W గుణించబడుతుంది. లాగరిథమ్ పెట్టిందే అందుకు.

ఇప్పుడు అడ్డు తీసేశాం. ఎంట్రోపీలు కలిపితే ఇంకా k ln 4 = 1.386 k, కానీ మొత్తం లెక్కపెడితే k ln 20. ఇక్కడ మీరేమీ తప్పు చేయలేదు. శక్తి అటూ ఇటూ పోగలిగాక, మొదటి జట్టు దగ్గర 0, 1, 2, 3 ముక్కలున్న సందర్భాలు నాలుగూ లెక్కలోకి వస్తాయి: 4 + 6 + 6 + 4 = 20. ఒక విభజనకి కట్టిన కూడిక మిగతా మూడింటిని వదిలేసింది. ఆ పెరుగుదలే, k ln 5, అడ్డు తీయడం వల్ల వచ్చిన ఎంట్రోపీ.

దీన్ని సిమ్యులేషన్‌లో నడిపేవాళ్లు ఇంకో మాట అడుగుతారు: "శక్తంతా మళ్లీ రెండో జట్టుకే వెళ్లిపోయింది, ప్రోగ్రామ్‌లో తప్పుందా?" లేదు. ఇరవైలో నాలుగు స్థితులు అలాంటివే, అంటే సగటున ఐదుసార్లు చూస్తే ఒకసారి అలా కనపడాలి. చాలాసేపు నడిపినా అది ఒక్కసారీ కనపడకపోతే అప్పుడు ప్రోగ్రామ్‌ని అనుమానించండి.