చిన్న బాత్రూమ్‌కి టైల్స్ కొనే ముందు చూసుకోవాల్సినవి

మా ఇల్లు కట్టినప్పుడు హాల్లో వేయగా మూడు పెట్టెల టైల్స్ మిగిలాయి. రెండడుగుల సైజు, అద్దంలా మెరిసేవి. "వేస్ట్ ఎందుకు సార్, వెనక బాత్రూమ్‌లో వేసేద్దాం" అన్నాడు మేస్త్రి. డబ్బులు కలిసొస్తాయి కదా అని నేనూ సరేనన్నాను. ఏడాది తిరక్కుండానే భోగి రోజు తలంటు పోసుకుని పీట మీద నుంచి లేస్తున్న అమ్మ కాలు జారి మణికట్టు విరిగింది. ఆ నేలంతా పగలగొట్టించి మళ్ళీ వేయించాను. మొదటిసారి అడగాల్సిన ప్రశ్నలు రెండోసారి అడిగాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

షాపుకి వెళ్ళే ముందు ఒకటి ఖాయం చేసుకోండి. నేలకి వేరే టైల్, గోడకి వేరే టైల్. గోడ టైల్ తేలికగా ఉంటుంది, మట్టి మెత్తన, నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది. డిజైన్ నచ్చిందని దాన్నే నేలకి వేస్తే బకెట్ జారిపడిన రోజు పగులుతుంది, తడిస్తే జారుతుంది. పెట్టె మీద వాల్ అనో ఫ్లోర్ అనో రాసి ఉంటుంది, చదవండి. నేలకి విట్రిఫైడ్ టైల్ మంచిది, అది పీల్చే నీళ్ళు అర శాతం కన్నా తక్కువ. ఇక నేల టైల్‌ని కాలితో, గోడ టైల్‌ని కంటితో ఎంచుకోవాలి. చాలామంది రెండూ కంటితోనే ఎంచుకుంటారు. నేను చేసిందీ అదే.

సైజు తేల్చేది నీళ్ళ వాటం

మా బాత్రూమ్ వెడల్పు నాలుగున్నర అడుగులు, పొడవు 7 అడుగులు. తలుపు ఒక చివర, నీళ్ళు పోయే జాలీ ఎదురు చివర మూలలో. అపార్ట్‌మెంట్లలో చాలా బాత్రూమ్‌లు దాదాపు ఇలాగే ఉంటాయి. నీళ్ళు నిలవకుండా పోవాలంటే 5 అడుగులకి ఒక అంగుళం చొప్పున వాటం ఇవ్వాలి. అంటే తలుపు దగ్గర నుంచి జాలీ దాకా అంగుళంన్నర లోపు దిగుతుంది. పైగా జాలీ మూలలో ఉంది కాబట్టి నేల పొడవునా వాలితే చాలదు, అడ్డంగానూ ఆ మూల వైపు వాలాలి.

రెండడుగుల టైల్‌తో చిక్కు ఇక్కడే. టైల్ వంగదు. రెండు వైపులా ఒకేసారి వాలే నేల మీద అంత పెద్ద పలక పెడితే మూడు మూలలు సరిగ్గా కూర్చుంటాయి, నాలుగోది పక్క టైల్ కన్నా పైకి లేస్తుంది. ఆ అంచు కాలికి తగులుతుంది, దాని వెనక నీళ్ళు ఆగుతాయి. నీళ్ళు ఆగిన చోట పాచి, పాచి ఉన్న చోట జారుడు. కొందరు మేస్త్రీలు ఈ బాధ పడలేక వాటమే తగ్గించేస్తారు. అప్పుడు నేల చూడటానికి చదునుగా బాగుంటుంది, స్నానం అయ్యాక ప్రతిసారీ వైపర్‌తో నీళ్ళు నెట్టుకోవాలి. పెద్ద టైల్‌ని మూల నుంచి మూలకి కోసి వాటం ఇవ్వొచ్చు కానీ ఆ కోతలు శుభ్రంగా వచ్చే మేస్త్రి దొరకాలి.

అడుగు టైల్, అంటే 300 మిల్లీమీటర్లది, వాటానికి తేలిగ్గా సర్దుకుంటుంది. కాలి కింద అతుకులు ఎక్కువ ఉంటాయి కాబట్టి కాస్త పట్టు కూడా పెరుగుతుంది. మా లెక్క ఇలా వచ్చింది. పొడవున సరిగ్గా 7 టైల్స్. మధ్యలో 3 మిల్లీమీటర్ల గ్యాప్‌లు, గోడ టైల్స్ మందం కలుపుకుంటే మిగిలేది ఏమీ ఉండదు. వెడల్పున నాలుగున్నర. అంటే 28 నిండు టైల్స్, 7 సగం ముక్కలు, మొత్తం 32 టైల్స్. కోతలకి, పగుళ్ళకి నాలుగు ఎక్కువ వేసుకుని 36 తెచ్చాం. సగం ముక్కల వరుస కమోడ్ వైపు గోడకి పోయింది. తలుపు తీయగానే కంటికి తగిలే చోట నిండు టైలే ఉండాలని మేస్త్రికి ముందే గీసి చూపించాను. చెప్పకపోతే వాళ్ళు తమకి వీలైన మూల నుంచి మొదలుపెడతారు.

అతుకులు ఎక్కువైతే మురికి ఎక్కువ పట్టదా అంటే, పడుతుంది, వాటిని మామూలు సిమెంట్ గ్రౌట్‌తో నింపితే. అందుకే నేల వరకైనా ఎపాక్సీ గ్రౌట్ వేయించండి. ఖర్చు ఎక్కువే కానీ ముప్పై చదరపు అడుగుల నేలకి భరించలేనంత కాదు. అది నీళ్ళు పీల్చదు, నల్లబడదు. ఒక్క జాగ్రత్త ఉంది. ఎపాక్సీ గట్టిపడేలోపే టైల్ మీద పడ్డదంతా స్పాంజితో తుడిచేయాలి. ఎండాకాలంలో ఇంకా త్వరగా బిగుస్తుంది. గరుకు టైల్ మీద ముదురు రంగు ఎపాక్సీ వేస్తే రంధ్రాల్లో పొరలా ఉండిపోతుంది, ఇక పోదు. మిగిలిన ముక్క మీద ముందు వేయించి, తుడిపించి చూశాకే నేల మీద మొదలుపెట్టనివ్వండి.

గరుకు ఎంత కావాలి

షాపులో యాంటీ స్కిడ్ అన్న మాట ప్రతి టైల్‌కీ వాడతారు. ఆ మాటని పక్కన పెట్టి కంపెనీ వివరాల కాగితంలో ఆర్ నంబర్ ఉందా అని అడగండి. అది ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా ఉంటుంది. నూనె పోసిన వాలు పలక మీద బూట్లు వేసుకున్న మనిషి ఎంత వాలు దాకా నిలబడగలడో చూసి ఇచ్చే నంబర్ అది. బూట్ల సంగతి మనకెందుకు అనిపించొచ్చు గానీ, నువ్వుల నూనె తలంటు జరిగే ఇంట్లో నూనె పరీక్ష మరీ పనికిరానిదేమీ కాదు. ఉత్త కాళ్ళతో, తడి మీద చేసే పరీక్ష వేరే ఉంది. దానికి ఏ, బీ, సీ అని గుర్తులు ఇస్తారు, స్నానం చేసే చోటుకి బీ సరిపోతుంది. ఇంటి బాత్రూమ్‌కి ఆర్ 10 లేదా ఆర్ 11 తీసుకోండి.

ఆర్ 13 వేస్తే ఇంకా మంచిది కదా అనుకోకండి. పై ఉపరితలం ఎంత గరుకైతే దాంట్లో సబ్బు, నూనె, ఒంటి మట్టి అంత ఇరుక్కుంటాయి. రెండు నెలలకి ఆ గుంటలు జిడ్డుతో నిండిపోయి, గరుకు టైలే నున్నగా జారడం మొదలుపెడుతుంది. బొడిపెలు తేలిన డిజైన్లు, రాయిలా ఎగుడుదిగుడుగా ఉండేవి పార్కింగ్‌కి, మెట్లకి పనికొస్తాయి. బాత్రూమ్‌కి కావాల్సింది చేత్తో రాస్తే సన్న ఇసుక కాగితంలా తగిలే మ్యాట్.

నంబర్ దొరక్కపోతే షాపులోనే రెండు పరీక్షలు చేయొచ్చు. టైల్ నేల మీద పెట్టించి, సబ్బు నీళ్ళు పోసి, చెప్పులు విడిచి, గోడో మనిషో పట్టుకుని ఒక కాలు దాని మీద పెట్టి మడమ తిప్పి చూడండి. మడమ తేలిగ్గా తిరిగిపోతే వద్దు. పట్టుకుని ఆగాలి. రెండోది పెన్సిల్ పరీక్ష. టైల్ మీద పెన్సిల్‌తో గట్టిగా గీకి తడిగుడ్డతో తుడవండి. రెండు మూడు రుద్దులకి పోతే మురికి కూడా పోతుంది. బూడిద రంగు నీడలా మిగిలిపోతే రేపు పసుపు, హెయిర్ డై కూడా అలాగే మిగులుతాయి. నేను చూసిన ఆరు టైల్స్‌లో మొదటిదాంట్లో నాలుగు గట్టెక్కాయి, రెండూ గట్టెక్కినవి రెండే. సేల్స్‌మన్ కొంచెం విసుక్కున్నాడు గానీ పెన్సిల్ మాత్రం అతనే ఇచ్చాడు.

రంగు, వెలుతురు, బోరు నీళ్ళు

షోరూమ్‌లో లైట్ల కింద ఏ టైలైనా బాగుంటుంది. మీ బాత్రూమ్‌కి ఉన్నది డక్ట్ వైపు తెరుచుకునే ఒక చిన్న వెంటిలేటర్, ఒక బల్బు. అందుకని ఒక్కో రంగులో ఒక టైల్ అడిగి తెచ్చుకుని, అదే బాత్రూమ్‌లో గోడకి ఆనించి పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి.

మన దగ్గర గోడ టైల్స్‌ని డార్క్, లైట్, హైలైటర్ అని సెట్‌గా అమ్ముతారు. కింద మూడు నాలుగు అడుగులు డార్క్, మధ్యలో పూలతో ఒక వరుస, పైన లైట్. చిన్న బాత్రూమ్‌లో ఈ డార్క్ వెలుతురుని మింగేస్తుంది. అంతకన్నా పెద్ద సమస్య ఉప్పు. బోరు నీళ్ళు గట్టిగా ఉన్న చోట కుళాయి చుట్టూ, బకెట్ ఎత్తు దాకా చిమ్మిన ప్రతి చుక్కా ఆరి తెల్లమచ్చ అవుతుంది. డార్క్ వేసేది సరిగ్గా ఆ ఎత్తులోనే. ముదురు గోధుమ రంగు మీద ఆ మచ్చలు ఆరు నెలలకి సున్నం వేసినట్టు కనిపిస్తాయి. వాటిని వదిలించడానికి యాసిడ్ పోస్తే సిమెంట్ గ్రౌట్ తినేస్తుంది, కుళాయిల మెరుపు పోతుంది. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకండి, కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్, వెంటిలేటర్ ఒక్కటే ఉన్న గదిలో ప్రాణం మీదికొస్తుంది.

అందుకే గోడంతా ఒకే లేత రంగు, ఐవరీ గానీ లేత బూడిద గానీ, పెట్టేయడం నయం. గోడకి గ్లాసీ వేసుకోవచ్చు. కాలు పెట్టేది కాదు కదా, వెలుతురు వెనక్కి కొడుతుంది, గుడ్డతో ఒక్క తుడుపుకి శుభ్రపడుతుంది. మేము అడుగు బై రెండడుగుల టైల్స్‌ని అడ్డంగా వేయించాం. 7 అడుగుల ఎత్తుకి సరిగ్గా 7 వరుసలు, ఎక్కడా కోత రాలేదు.

నేల మాత్రం గోడ కన్నా ఒక షేడ్ ముదురుగా ఉండాలి. గోడా నేలా ఒకే తెలుపైతే చూపు మందగించిన పెద్దవాళ్ళకి అంచు ఎక్కడుందో తెలియదు. మరో సంగతి, మెరిసే తెల్ల నేల మీద నీళ్ళు కనిపించవు. నీళ్ళ మెరుపు, టైల్ మెరుపు ఒకేలా ఉంటాయి. మధ్య రకం బూడిద మ్యాట్ తడిస్తే ముదురుతుంది, ఎక్కడ తడి ఉందో చూడగానే తెలిసిపోతుంది. అమ్మ ఇప్పుడు తలుపు తీసి ముందు నేల వంక చూసి అడుగు వేస్తుంది. పూర్తి నలుపు మీద ఉప్పు, పూర్తి తెలుపు మీద రాలిన జుట్టు, రెండూ రోజూ కనిపిస్తాయి. మధ్య రంగులో, కొంచెం చుక్కలున్న టైల్‌లో అవేవీ అంతగా తెలియవు. గ్రౌట్ కూడా టైల్ కన్నా కాస్త ముదురు బూడిద తీసుకోండి.

వేసేటప్పుడు

శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్ళు బాత్రూమ్ పని చివరి వారంలో ఊపిరాడకుండా చేయిస్తారు. అది వద్దు. టైల్స్‌కి ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, జాలీ మూసి, నేల మీద నీళ్ళు నింపి కనీసం ఒక రోజంతా వదలండి. కింది ఇంటి సీలింగ్ మీద తడి కనిపించకపోతేనే ముందుకి. గోడల్లో కింది వరుస వదిలేసి పైవరుసలు వేయించి, తర్వాత నేల, ఆఖరున ఆ కింది వరుస వేయించండి. అప్పుడు గోడ టైల్ నేల టైల్ మీద కూర్చుంటుంది, గోడ మీద జారిన నీళ్ళు లోపలికి పోవు. పెట్టెలన్నిటి మీద షేడ్ నంబర్, బ్యాచ్ నంబర్ ఒకటేనా అని పని మొదలు కాకముందే చూసుకోండి. మిగిలిన టైల్స్ మాత్రం అటక మీద దాచండి, అదే షేడ్ మళ్ళీ దొరకడం కష్టం.

మేస్త్రికి ఆఖరి డబ్బులు ఇచ్చే ముందు తలుపు దగ్గర ఒక బకెట్ నీళ్ళు కుమ్మరించండి. పది నిమిషాలు ఆగి చూడండి. ఎక్కడైనా మడుగు కట్టి ఉంటే అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. తర్వాత రూపాయి నాణెంతో ఒక్కో టైల్‌నీ తట్టుకుంటూ వెళ్ళండి. డొల్లగా మోగినవాటి మీద కూడా గీయండి. మా ఇంట్లో ఒక మడుగు, రెండు డొల్లలు దొరికాయి. మేస్త్రి ఏమీ అనకుండా మర్నాడు వచ్చి ఆ మూడు టైల్స్ లేపి మళ్ళీ వేశాడు.