పొద్దున్నే పిడికిలి పట్టడం లేదా? ముందు గడియారం చూడండి

సమస్య: లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయి. చెంబు ఎత్తడం కూడా కష్టంగా ఉంది.

ఎక్స్‌రేకి పరుగెత్తే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆ బిగుతు వదలడానికి ఎంతసేపు పడుతోంది? కీళ్లు అరిగి వచ్చే అరుగుడు నొప్పి అయితే సాధారణంగా అరగంటలోపే వదులుతుంది, పని చేసేకొద్దీ సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో గంట దాటినా వదలదు, కదిలిస్తేనే తేలికవుతుంది. తర్వాత కణుపులు చూడండి. గోటి దగ్గరి కణుపులో గట్టి బుడిపెలుంటే ఎక్కువగా అరుగుడే. రెండు చేతుల్లో మణికట్టు, వేళ్ల మొదళ్లు, మధ్య కణుపులు మెత్తగా వాస్తే రుమటాయిడ్‌ని అనుమానించాలి.

ఇంత సులువైన ప్రశ్నను అందరూ వదిలేస్తారు. కావలి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. 42 ఏళ్లు, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. "ఐసులో చేతులు పెడతాం గదా సార్, అందుకే" అంది. ఐసు వల్లే అయితే సెలవు రోజుల్లోనైనా తగ్గాలి. తగ్గలేదు. ఆరింటికి లేస్తే ఎనిమిదింటికి గానీ పాపకు జడ వేయలేకపోయేది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్త పరీక్ష నెగటివ్ వచ్చిందని ఎవరో అరుగుడుగా తేల్చేశారు. ఆ పరీక్ష నెగటివ్ ఉన్నా రుమటాయిడ్ ఉండవచ్చు. అందుకే రుమటాయిడ్‌ని పట్టే ఇంకో రక్త పరీక్ష యాంటీ సీసీపీ, ఒంట్లో వాపు ఎంతుందో చూపే సీఆర్‌పీ కూడా చేయించాలి.

కానీ అసలు మోసం ఆమె సంచిలో ఉంది: పేరు లేని పొట్లంలో చిన్న తెల్ల మాత్రలు. వేసుకుంటే రెండు రోజుల్లో వాపు పోతుంది, మానితే వారంలో రెట్టింపవుతుంది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగింది. అవి స్టెరాయిడ్లని అర్థమైంది. ఎనిమిది నెలలుగా నొప్పి తగ్గుతోందని ఆమె నమ్మింది, లోపల మణికట్టు ఎముక కొరుకుడు పడుతూనే ఉంది. ఇలాంటి మాత్రల్ని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి.

పరిష్కారం జబ్బునే అదుపు చేసే మందు, చాలామందికి ముందుగా మెథోట్రెక్సేట్. ఇక్కడే ఇంకో చిక్కు. దాని ప్రభావం కనబడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారం ఆవిడ ఫోన్ చేసి "పని చేయట్లేదు, మానేస్తా" అంది. ఇంత సమయం పడుతుందని మొదటి రోజే గట్టిగా చెప్పాల్సింది మేమే. 12వ వారానికి బిగుతు ఇరవై నిమిషాలకు దిగింది.

ఈ మందు వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే స్ట్రిప్ మీద "బుధవారం" అని పెన్నుతో రాసిస్తాం. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత డాక్టర్ చెప్పిన గడువుల్లో. గర్భం ప్లాన్ చేసుకునేవాళ్లు ముందే చెప్పాలి.

గౌట్, సోరియాసిస్, చికున్‌గున్యా తర్వాతి నొప్పులు కూడా ఉంటాయి. చర్మం, పాత జ్వరం గురించి అడిగితే ఎక్కువ భాగం తేలిపోతాయి.

మెథోట్రెక్సేట్ వాడుతుండగా నోట్లో పుండ్లు, జ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తే ఆ వారం మాత్ర వేసుకోకుండా అదే రోజు వచ్చి చూపించుకోండి.